అమ్మ అవునన్నాకే

మా లా కాలేజీలో నేను టైపు చేసిపెట్టే మేడంని వెనకాల అందరూ ‘తక్కెడ’ అంటారు. వేళ్లు నొప్పి పుట్టేలా టైపు చేసిన రోజున నేనూ అంటాను. ఏ పరిశోధన పత్రం రాసినా, ఎవరి వాదన వాళ్లకే చదివి వినిపించి, “అవును, మేమనేది ఇదే” అనిపించుకున్నాకే పంపుతుంది. చాదస్తం కాకపోతే ఏమిటి?

ఈసారి పత్రం, బహిష్టు వయసు ఆడవాళ్లను ఒక గుడిలోకి రానివ్వకపోవడం చట్టం ముందు నిలుస్తుందా అని. సాయంత్రం అయిదుకల్లా పంపాలి. భక్తుల వాదన విని అవుననాల్సింది మేడం తల్లి. డెబ్బై ఏళ్ల మనిషి, గొప్ప నిష్ఠాపరురాలు. వాళ్లింట్లో వంటగది బల్ల మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని కూర్చున్నాను.

మేడం ముందు సుప్రీంకోర్టు తీర్పు చదివింది. ఆ నిషేధం తీసేసినా మతం స్వరూపం మారదు, కాబట్టి అది మతానికి తప్పనిసరి ఆచారం కాదని ఎక్కువమంది న్యాయమూర్తులన్నారు. శరీరధర్మాన్ని సాకు చేసి గడప బయట ఆపడం సమానత్వానికి విరుద్ధమన్నారు. ఒకాయనైతే అది అంటరానితనమేనన్నారు.

“ఇక భక్తుల వాదన. బహిష్టు మైల కాబట్టి...”

పెద్దావిడ చెయ్యెత్తింది. “ఆపవే. మైల అని ఎవరన్నారు? అక్కడి దేవుడిది బ్రహ్మచర్య వ్రతం. దాన్ని మన్నించి మేమే ఆగుతాం. మిగతా గుళ్లకి వెళ్తూనే ఉన్నాంగా. సులువుగా ఓడించే మాట మా నోట్లో పెడతావేం?”

“నిజమేనమ్మా,” అంది మేడం. తీర్పుతో విభేదించిన న్యాయమూర్తి కూడా, నమ్మకంలో హేతువు వెతకడం కోర్టు పని కాదన్నారు. ఆ దేవుణ్ణి కొలవని వాళ్లు కేసు ఎలా వేస్తారనీ అడిగారు. అదంతా చేర్చి, ‘మైల’ కొట్టెయ్యమంది. కొట్టేశాను.

“ఇప్పుడు అవునా?”

పెద్దావిడ వెనక గది తలుపు వైపు చూస్తోంది.

ఆ తలుపు కథ నాకు తెలుసు. మేడంకి పదమూడేళ్లప్పుడు, బహిష్టని ఆ గదిలో ఉంచిన మూడో రోజున, హాల్లో తండ్రి పోయాడు. తలుపు కొట్టి కొట్టి ఆమె అరచేతులు వాచినా ఎవరూ తీయలేదు. అది తలుచుకుంటే ఆ ముసలావిడ మీద నాకు ఒళ్లు మండుతుంది.

“ఆ మైల మాట మళ్లీ పెట్టు,” అందావిడ. “కోర్టులో వ్రతమన్నది నిజం. ఇంట్లో మైలన్నదీ నిజం. గొళ్లెం పెట్టి నేనన్న మాటే అది. మీ నాన్న నీకోసం అడుగుతూనే ఉన్నాడు.”

మేడం ముఖం పాలిపోయింది. “నన్నడిగాడా? ఎప్పుడూ చెప్పలేదేం?”

“మూడుసార్లు అడిగాడు. ఏ ముఖం పెట్టుకుని చెప్పను?”

నాలుగూ నలభై అయింది. “ఆ మాట ఏ వైపు వాదనలో పెట్టమంటారు మేడం?” అన్నాను. అడిగినందుకు నన్ను నేనే తిట్టుకున్నాను.

“వాళ్ల వాదనలో వద్దు. అది భక్తులు కోర్టులో అన్న మాట కాదు. పేజీ కింద నోటు రాయి.” మేడం ల్యాప్‌టాప్ వైపు వంగి చెప్పింది. “ఇంటర్వ్యూ. ఒక తల్లి, డెబ్బై ఏళ్లు. మైల అని కూతుర్ని గదిలో ఉంచింది. చనిపోతూ తండ్రి మూడుసార్లు అడిగినా తలుపు తీయలేదు.”

తల్లి వైపు తిరిగింది. “సరిగ్గా రాశానా అమ్మా?”

“అవును,” అంది పెద్దావిడ.