మడమలు లేని బొమ్మ

కాలిఫోర్నియా డబ్లిన్‌లో మా ఇంటి వెనక కొండలు ఎండాకాలంలో వేయించిన రవ్వ రంగులో ఉంటాయి. పొద్దున్నే పడమటి నుంచి పొగమంచు వచ్చి వాటిని మింగేస్తుంది. తొమ్మిదయ్యేసరికి ఒక్కో కొండనూ తిరిగి ఇచ్చేస్తుంది. ఆ వేసవిలో నేను కంప్యూటర్ ముందు కూర్చుని చూసింది కూడా దాదాపు అలాంటిదే. తెర నిండా మొదట ఇసక చల్లినట్టు చుక్కలు. ఆ చుక్కల్లోంచి ఒక పసుపు గౌను అంచు తేలేది, తర్వాత ఒక జడ, ఆ తర్వాత నా కూతురి ముఖం. టీ చల్లారిపోయేది. నేను చూస్తూ ఉండిపోయేదాన్ని.

అసలు సంగతి చెప్పాలి. శనివారాలు లైబ్రరీ గదిలో పన్నెండుమంది పిల్లలకి తెలుగు చెబుతాను. అందులో మా అమ్మాయి కూడా ఒకతి, అప్పటికి తొమ్మిదేళ్లు. పిల్లలకి పండ్ల పేర్లు, రంగుల పేర్లు ఇట్టే వచ్చేస్తాయి. చిక్కంతా ఒంటితో చేసే పనుల దగ్గర. బాసింపట్టు వేసుకోవడం, గొంతుక్కూర్చోవడం, వెల్లకిలా పడుకోవడం, బోర్లా పడుకోవడం, ఒత్తిగిల్లడం. వీటికి ఇంగ్లిష్‌లో సరైన మాట వెతుక్కునేకంటే చేసి చూపించడం తేలిక. ఏడాదిపాటు నేనే కార్పెట్ మీద పడి పొర్లాను. చివరికి నా నడుము నన్ను తిట్టడం మొదలుపెట్టింది. పేజీకొక భంగిమతో బొమ్మల పుస్తకం చేస్తే పోలా అనిపించింది. అన్ని పేజీల్లోనూ ఒకే పాప, అంటే మా అమ్మాయే, ఉండాలి, అప్పుడే పిల్లలకి మాట మీద ధ్యాస నిలుస్తుంది.

నాకు బొమ్మలు గీయడం రాదు. నా ఉద్యోగం సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టడం, ఇంట్లోవాళ్లని అడిగితే ఆఫీసులో మాత్రమే కాదంటారు. మా టీమ్‌లో ఒక వరంగల్ అబ్బాయి బొమ్మలు తయారుచేసే ఏఐ మోడల్స్‌తో ఆడుకుంటూ ఉంటాడు. ఆ పని కంట్రోల్‌నెట్‌తో అవుతుందక్కా అని, మా ఇంటికొచ్చి మా కంప్యూటర్‌లోనే అంతా ఇన్‌స్టాల్ చేసి పెట్టాడు. పిల్ల ఫొటోలు ఇల్లు దాటి ఎక్కడికీ వెళ్లక్కర్లేదని చెప్పాడు, నాకు కావలసిందీ అదే.

పద్ధతి చూస్తే ముచ్చటేసింది. ఒక ఫొటోలో మనిషి ఎలా ఉందో చూసి, యంత్రం పద్దెనిమిది చుక్కలు పెడుతుంది. ముక్కు, మెడ, కళ్లు, చెవులు, భుజాలు, మోచేతులు, మణికట్లు, తుంటి, మోకాళ్లు, చీలమండలు. వాటిని రంగురంగుల పుల్లలతో కలుపుతుంది. నల్లటి పలక మీద ఒక పుల్లల మనిషి నిలబడుతుంది. ఆ పుల్లల మనిషిని కంట్రోల్‌నెట్‌కి ఇస్తే, బొమ్మ చేసే మోడల్ ఆ పుల్లలు ఉన్నచోటే కాళ్లూ చేతులూ పెడుతుంది. పక్కన మా అమ్మాయి ఫొటో ఒకటి ఇస్తే ముఖం, జడ, గౌను దాన్నుంచి తెచ్చుకుంటుంది. ఎముకలు ఒకరివి, ముఖం ఒకరిది.

ఫొటో వాడుకోవచ్చా అని మా అమ్మాయిని అడిగాను. పసుపు గౌనుది అయితేనే ఓకే అంది. పెరట్లో చెప్పుల్లేకుండా నిలబడి నవ్వుతున్న ఫొటో తనే ఎంచి ఇచ్చింది. తర్వాత స్విమ్మింగ్ క్యాంప్‌కి వెళ్లిపోయింది. భంగిమలకి ఇంట్లో మిగిలింది నేనే. ఫోన్‌కి టైమర్ పెట్టి హాల్లో కూర్చున్నాను, పడుకున్నాను, పొర్లాను. మా ఆయన ఆఫీస్ కాల్‌లో ఉండి వెనక నుంచి నడిచి వెళ్లడంతో రెండు ఫొటోల్లో ఇద్దరు పుల్లల మనుషులు వచ్చారు.

మొదటి బొమ్మలు చూసి నవ్వొచ్చింది. మా అమ్మాయి ముఖానికి పొడుగాటి కాళ్లు, చిన్న తల. నా ఎముకల కొలతలు కదా, పిల్లని పెద్దదాన్ని చేసి పారేశాయి. చుక్కల్ని మౌస్‌తో లాగి కాళ్లు కుదించాను, చేతులు కుదించాను, భుజాలు దగ్గరికి జరిపాను. బోర్లా పడుకోమంటే వెల్లకిలా పడుకుంది. ఎందుకా అని చూస్తే, నేల వైపున్న నా ముఖం మీద కూడా యంత్రం, కనపడని కళ్లూ ముక్కూ ఊహించి చుక్కలు పెట్టింది. వాటిని చెరిపి, తారుమారైన కుడి ఎడమల్ని మార్చాక బుద్ధిగా బోర్లా తిరిగింది. ఒక్కో పేజీకి ఒక్కో పూట పట్టేది. తల ప్రాణం తోకకొచ్చినా ఆ పూటలు ఎంత హాయిగా గడిచాయో చెప్పలేను. కిటికీలోంచి మంచు, తెర మీద చుక్కలు, రెంటిలోంచీ ఏదో ఒకటి మెల్లగా వచ్చేది.

గొంతుక్కూర్చున్న పేజీ అన్నిటికంటే బాగా వచ్చింది. ముందునుంచి తీస్తే మోకాళ్ల వెనక తుంటి దాక్కుని పుల్లలన్నీ చిక్కుపడ్డాయని, కొంచెం పక్కనుంచి తీశాను. మా అమ్మాయి పసుపు గౌను మోకాళ్ల మధ్యకి దోపుకుని, పాదాలు రెండూ నేలకి పూర్తిగా ఆనించి, మోకాళ్ల మీద చేతులు చాపి, ఎంతో నింపాదిగా కూర్చుంది. నా కూర్చోవడం అది. నేను ఆకుకూర బాగుచేసేటప్పుడు ఇప్పటికీ అలాగే కూర్చుంటాను. నా కూర్చోవడంలో నా కూతురు కూర్చుంటే, నేను మళ్లీ తొమ్మిదేళ్లదాన్నై ఇంకో చోట, ఇంకో పేరుతో పుట్టినట్టనిపించింది. సంతోషంతో కళ్లు చెమర్చాయి. దాచుకోవడం దేనికి.

ఆ శుక్రవారం సాయంత్రం ప్రింట్ తీసి డైనింగ్ టేబుల్ మీద పరిచాను. మా అమ్మాయి తడి జుట్టుతో వచ్చి ఒక్కో పేజీ చూసింది. మొదటివాటికి నవ్వింది. గొంతుక్కూర్చున్న పేజీ దగ్గర ఆగిపోయింది. కాగితం అక్కడే పెట్టి, రేపటినుంచి తెలుగు క్లాస్‌కి రానంది.

నాకు కోపం వచ్చింది. ఇంత చేశాక ఇదా అని గొంతు పెంచాను కూడా.  తను వంటింటి నేల మీద పాదాలు ఆనించి గొంతుక్కూర్చోబోయింది. సగంలోనే మడమలు లేచాయి. వాటిని దించబోతే వెనక్కి పడింది. లేచి మళ్లీ ప్రయత్నించింది, మళ్లీ పడింది. కుర్చీల్లో, కార్ సీట్లలో పెరిగిన కాళ్లు. అది నేనెప్పుడూ చూడనే లేదు, క్లాసులో వెనక వరసలో కూర్చునేది.

"తనకి వస్తుంది, నాకు రాదు," అంది బొమ్మ చూపిస్తూ. "బుక్‌లో చూసి అందరూ నన్నే చేసి చూపించమంటారు కదా అమ్మా. అది నా ఫేస్."

 వారం వారం తప్పులు పట్టి జీతం తీసుకునేదాన్ని, ఇంట్లో ఇంత పెద్ద తప్పు దగ్గర పప్పులో కాలేశాను. నా కూతురికంటే బాగా కూర్చునే ఇంకో కూతుర్ని తయారుచేసి, దానికి మా అమ్మాయి ముఖం తగిలించాను. అదీ తనని అడిగి, పసుపు గౌనుతో సహా. సిగ్గేసింది.

నీకు వచ్చినట్టే కూర్చో, ఆ పేజీ నీ ఫొటోతోనే చేస్తానన్నాను. మర్నాడు తను లేకుండానే క్లాస్‌కి వెళ్లొచ్చాను. ఆదివారం పొద్దున మళ్లీ అడిగితే ఒప్పుకుంది. మడమలు పైకి లేపి, మునివేళ్ల మీద, పడకుండా కుడిచెయ్యి నేలకి ఆనించి కూర్చుంది. ఫొటో తీసి పుల్లల మనిషిని చేశాను. తనే వచ్చి నా కుర్చీ పక్కన నిలబడింది. చుక్కల్లోంచి పసుపు గౌను వచ్చింది, జడ వచ్చింది, నేలకి ఆనిన చెయ్యి వచ్చింది. పాదాలు మాత్రం నేలకి చక్కగా అంటుకుని వచ్చాయి. ఇంకోసారి చేశాను. మళ్లీ అంతే. మడమలు పైకి అని ఇంగ్లిష్‌లో, హీల్స్ అప్ అని రాస్తే, మోడల్ ఎత్తు మడమల చెప్పులు తొడిగింది.

వరంగల్ అబ్బాయికి ఫోన్ చేశాను. "అక్కా, నువ్వు వాడేదాంట్ల పుల్లలు చీలమండతోనే అయిపోతయ్," అన్నాడు. "మడమకు, వేళ్లకు పాయింట్స్ లేవు. కింద ఏముందో అది సొంతంగ పెట్టేస్తది." పాదాలకి కూడా చుక్కలు పెట్టేవి, ఫొటోలో మనిషి రూపు గీతల్ని పట్టుకునేవి వేరే ఉన్నాయని, సాయంత్రం వచ్చి సెట్ చేస్తానని అన్నాడు.

పుల్లల బొమ్మని మళ్లీ తెరిచి చూశాను. నిజమే. నీలం పుల్ల చీలమండ దాకా వచ్చి ఆగిపోయింది. మా అమ్మాయి కష్టమంతా ఆ ఆగిన చోటికి కిందే ఉంది. మణికట్టుకి చుక్క ఉంది కాబట్టి చెయ్యి మిగిలింది, మడమలకి లేదు కాబట్టి పోయాయి. ఇన్నాళ్లూ నేను తనని చూసింది కూడా చీలమండ దాకానే అనుకున్నాను.

సాయంత్రం దాకా ఆగేలా లేదు మా అమ్మాయి. ప్రింట్ తీసివ్వమంది, పాదాలు తీసేసి. చెయ్యి ఉన్నచోటు ఉంచి, చీలమండల కింద తెల్లగా వదిలి ప్రింట్ ఇచ్చాను. తను పెన్సిల్ తెచ్చుకుని నేల మీద బోర్లా పడుకుంది. లేచిన మడమలు రెండు గీసింది. బఠానీల్లా పది వేళ్లు గీసింది. వేళ్ల కింద నేల గీత కూడా గీసింది, గాల్లో ఉన్నాననుకుంటారని. రంగుల బొమ్మ కింద ఆ పెన్సిల్ పాదాలు వంకరగా, ఒకటి పెద్దగా ఒకటి చిన్నగా ఉన్నాయి. పన్నెండు కాపీలకీ తనే గీస్తానంది. ఆ అబ్బాయిని సాయంత్రం రావద్దని చెప్పాను. అన్నీ గీయడానికి తనకి వారం పట్టింది. నేను వంట చేస్తుంటే వంటింటి నేల మీదే పడుకుని గీసేది, మధ్యలో లేచి ఒకసారి కూర్చుని చూసుకుని, మళ్లీ పడుకుని గీసేది.

తర్వాతి శనివారం పుస్తకాలు పంచాను. తను వెనక వరసలోనే కూర్చుంది, అయితే వచ్చింది. గొంతుక్కూర్చునే పేజీ వచ్చింది. పన్నెండుమందిలో నలుగురికి పాదాలు ఆనాయి. మిగతావాళ్లు ఒకళ్ల మీద ఒకళ్లు పడ్డారు. వెనక్కి పడి లేచిన ఒక చిన్నపిల్ల పుస్తకం దగ్గరగా పెట్టుకుని చూసి, మడమలు ఎత్తి, చెయ్యి నేలకి ఆనించి మళ్లీ కూర్చుంది. పడలేదు. ఇలా కూర్చుంటే తప్పా ఆంటీ అని నన్ను అడిగింది.

నేను నోరు తెరిచేలోపు మా అమ్మాయి లేచి ముందుకొచ్చింది. అందరి ఎదురుగా తనకి వచ్చినట్టు కూర్చుంది.

"తప్పు కాదు," అంది. "చెయ్యి కింద పెట్టుకో. పడవు."

అందరూ చేతులు కింద పెట్టారు. పాదాలు ఆనినవాళ్లు కూడా మడమలు ఎత్తారు. నేనూ కూర్చుని చూశాను. రెండు నిమిషాలకే పిక్కలు వణికాయి, మునివేళ్లు మండాయి. మా అమ్మాయి మాత్రం కదల్లేదు. అంత కష్టమని నాకు తెలియదు.