ఒకే తీరుగా

మీ ఫోన్లలో కనిపించే తెలుగు వాక్యాలు ఆకాశం నుంచి ఊడిపడవు. మాదాపూర్‌లో ఒక అద్దాల భవనంలో, ఏసీ చలికి శాలువాలు కప్పుకుని మాలాంటివాళ్ళం కొందరం రాస్తాం. మేం రాసినదాన్ని మాస్టారు దిద్దేవారు. తెలుగు పండితుడిగా రిటైరై, ఇంట్లో ఊరికే కూర్చోలేక మా దగ్గర చేరారు. ఆఫీసులో అందరం పేర్లతోనే పిలుచుకుంటాం. ఆయన్ని మాత్రం మేనేజరు కూడా మాస్టారనే అనేవాడు.

ఆయనది ఒకటే పట్టు. మొదటి వాక్యం ఏ భాషలో మొదలైతే చివరి వాక్యం దాకా అదే నడవాలి. చేరిన కొత్తలో నేనొక వ్యాసాన్ని ‘ప్రజలు ఎదుర్కొనుచున్న సమస్యలు’ అని ఘనంగా ఎత్తుకుని, రెండు వాక్యాలు దాటగానే ‘జనం మాత్రం ఏం చేస్తారు పాపం’ అని దించాను. నాకైతే బాగానే ఉందనిపించింది. ఆయన ఎర్ర పెన్నుతో రెంటికీ సున్నాలు చుట్టి, “ఇది మీరొక్కరే రాశారా అమ్మా, ఇంకెవరైనా సాయం పట్టారా?” అని అడిగారు. ఒళ్ళు మండిపోయింది. కోపమొచ్చినా పని నేర్పేవాడితో పేచీ పెట్టుకోలేం కదా.

“గ్రాంథికం రాస్తే గ్రాంథికమే రాయండి. వాడుక భాష రాస్తే, పత్రికల్లో చదువుకున్నవాళ్ళు రాసే వాడుక భాష రాయండి. ఎవరైనా మాట్లాడితే ఆ మాటను కొటేషన్లలో పెట్టండి. అక్కడ వాళ్ళ యాస వాళ్ళది. మీరు చెప్పేటప్పుడు మాత్రం గొంతు ఒక్కటే ఉండాలి” అనేవారు.

ఆయన మాటా అంతే, అచ్చు పుస్తకం చదివినట్టు ఉండేది. ఏ జిల్లావారో ఆనవాలు దొరికేది కాదు. ‘అండి’ లేకుండా ఊపిరైనా పీల్చలేని గోదావరిదాన్ని, నాకది వింతగా ఉండేది. ఇక మెచ్చుకోవడమన్నది ఆయన దగ్గర లేనే లేదు. తప్పు దొరక్కపోతే కాగితం తిరిగి ఇచ్చేసేవారు. అదే మాకు పెద్ద సన్మానం.

కంపెనీ వార్షికోత్సవానికి ఒక సంచిక వేస్తూ, ఒక్కో భాషవాళ్ళు ఒక్కో వ్యాసం ఇవ్వమన్నారు. తెలుగుకి మాస్టారే రాయాలని అందరం పట్టుబట్టాం. “సరే, ఇది రాసి నేను పని మానేస్తాను. ఓపిక తగ్గింది” అన్నారు. కొన్నాళ్ళుగా ఆయన లిఫ్టులో వేరే అంతస్తులో దిగి తిరిగి రావడం చూస్తూనే ఉన్నాను. వయసు కదా అని ఊరుకున్నాను.

ఆయన చేత్తో రాసిన వ్యాసాన్ని టైపు చేయమని నాకిచ్చారు. మొదటి పేరా ఇలా ఉంది: ‘ఈ నగరమునకు నేను వచ్చినప్పుడు ఇక్కడ బండరాళ్లు తప్ప ఏమీ లేవు. జర దూరం పోతే ఓ చెరువు కనపడుతుండె. తదనంతరము అద్దాల భవనములు నిర్మింపబడినవి. ఇగ నాకు దారి తెలుస్తలేదు.’

నన్ను పరీక్షిస్తున్నారేమోనని నవ్వాను. తర్వాతి పేరా చూశాను. ఆ తర్వాతిదీ చూశాను. అన్నీ అలాగే ఉన్నాయి. కాలేజీలో చదివిన గ్రాంథికం, బడిలో చెప్పిన వాడుక భాష, నేను ఆయన నోట ఎన్నడూ వినని తెలంగాణ మాట, మూడూ ఒకే కాగితం మీద పడి ఉన్నాయి.

“మాస్టారూ, ఇది మీరు మళ్ళీ ఒకసారి చూస్తారా అండి?” అన్నాను.

ఆయన కాగితం తీసుకుని చాలాసేపు చూశారు. “ఒకే తీరుగా ఉంది కదా?” అన్నారు. ఆ గొంతులో నన్ను బతిమాలుతున్నట్టున్న భయం ఉంది. “ఉందండి” అనేశాను.

ఆ మర్నాటి నుంచి ఆయన రాలేదు. వారం తిరక్కుండా వాళ్ళావిడ ఫోన్ చేశారు. ఆస్పత్రిలో మతిమరుపు జబ్బని చెప్పారట. “పొద్దుగాల లేస్తే ఆ వ్యాసం ఫికరే బిడ్డా. తప్పులతోని అచ్చయితదేమో, నలుగురు నవ్వుతరేమో అని ఒకటే పరేషాన్ అయితుండు” అన్నారు.

ఆదివారం మెట్రో ఎక్కి మియాపూర్‌లో వాళ్ళింటికి వెళ్ళాను. మాస్టారు బాల్కనీలో కూర్చుని ఉన్నారు. “ఎవరొచ్చిండ్రు? గిట్ల కూసో” అన్నారు. ఇన్నేళ్ళ పరిచయంలో ఆ మాట తీరు నేను వినడం అదే మొదలు.

లోపల టీ పెడుతూ ఆవిడ చెప్పారు. మాస్టారిది పాలమూరు వైపు ఊరు. కొత్తగా పంతులైనప్పుడు తోటివాళ్ళు ఆయన మాటను వెక్కిరించారట. “గప్పటి సంది బయట ఒక్క మాట గిట్ల మాట్లాడలే. చెప్పులు ఇడిసి ఇంట్లకొస్తెనే మా మాట మాట్లాడుతుండె. గిప్పుడు ఇల్లేదో బయటేదో తెలుస్తలేదు ఆయనకు” అన్నారు. టీ కప్పు నా చేతికిస్తూ, “ఆ వ్యాసం గట్లనే ఉంచరాదు బిడ్డా? అది ఆయన మాటే కద” అన్నారు.

నాకూ ఉంచాలనే ఉంది. కానీ అడగాల్సింది ఆయన్ని. బాల్కనీలోకి వెళ్ళి, “మాస్టారూ, మీ వ్యాసం దిద్దమంటారా, ఉన్నదున్నట్టు అచ్చుకివ్వమంటారా అండి?” అన్నాను. ఆయన నా ముఖంలోకి చూశారు. ఒక్క క్షణం పాత మాస్టారు కనిపించారు.

“కలగాపులగం నా పేరు మీద పోకూడదు. ఒకే తీరుగా చేయండి” అన్నారు.

చేశాను. ‘నగరమునకు’ను ‘నగరానికి’ చేశాను. ‘జర దూరం పోతే’ను ‘కొంచెం దూరం వెళ్తే’ చేశాను. ‘కనపడుతుండె’ తీసేసి ‘కనిపించేది’ పెట్టాను. ‘నిర్మింపబడినవి’ బదులు ‘కట్టారు’ అన్నాను. ‘ఇగ నాకు దారి తెలుస్తలేదు’ దగ్గర చెయ్యి ఆగిపోయింది. కొటేషన్లలో పెడదామంటే అది ఇంకెవరి మాటా కాదు. వ్యాసం చెబుతున్న గొంతే అది. ‘ఇక నాకు దారి తెలియడం లేదు’ అని మార్చాను. తప్పు లేదు. అర్థమూ పోలేదు. కానీ మనిషి పోయాడనిపించింది. పక్క సీట్లలో అందరూ ఉండగానే ఏడ్చాను.

సంచిక అచ్చయి రాగానే పట్టుకెళ్ళాను. ఆయన చదువుతానని ఎర్ర పెన్ను అడిగారు. ఆవిడ వెతికి ఇచ్చారు. వాక్యం వాక్యానికీ పెన్ను ఆనించుకుంటూ, పెదవులు కదుపుతూ చివరిదాకా చదివారు. ఎక్కడా సున్నా చుట్టలేదు. వ్యాసం కింద ఆయన పేరుంది. పెన్ను దాని మీదుగా కూడా అలాగే జరిగిపోయింది.

“ఎవరు రాసిండ్రు ఇది?” అన్నారు.

ఆవిడ ముఖం తిప్పుకున్నారు. నేను “మా మాస్టారు రాశారండి” అన్నాను.

“మంచిగ రాసిండు. ఒక్క తీరుగ ఉంది” అన్నారు.

ఆయన నోట మెప్పు వినాలని ఎన్నేళ్ళు ఎదురుచూశానో! పెన్ను మూత పెట్టి, పుస్తకం నా చేతికి తిరిగి ఇచ్చేశారు.