రెండు తాళాల గది

బ్యాంకులో డబ్బు దాచే స్ట్రాంగ్‌రూమ్‌కి రెండు తాళాలుంటాయి. ఒక తాళంచెవి క్యాషియర్ దగ్గర, రెండోది ఒక ఆఫీసర్ దగ్గర. ఇద్దరూ కలిసి వస్తేనే తలుపు తెరుచుకుంటుంది. పొద్దున డబ్బు తీయడానికి ఇద్దరూ లోపలికి వెళ్ళాలి, సాయంత్రం లెక్క చూసి పెట్టడానికి మళ్ళీ ఇద్దరూ వెళ్ళాలి. ఎవరూ డబ్బుతో ఒంటరిగా ఉండకూడదని పెట్టిన నియమం అది. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఎంత తెలివైన ఏర్పాటో అని మురిసిపోయాను. దానివల్ల ఒక ఆడపిల్ల రోజూ ఒకే మనిషితో కిటికీ లేని గదిలో ఉండాల్సి వస్తుందని నాకెన్నడూ తోచలేదు. ఇప్పుడు ఏ బ్యాంకులో అడుగుపెట్టినా ముందు ఆ తలుపు ఎటువైపుందో చూసుకుంటాను.

కోల్‌కతాలో మా బ్యాంకు ప్రాంతీయ కార్యాలయానికి బదిలీ మీద వెళ్ళిన మరుసటి ఏడాది నన్ను అంతర్గత ఫిర్యాదుల కమిటీకి అధ్యక్షురాలిని చేశారు. పని చేసే చోట ఆడవాళ్ళకి లైంగిక వేధింపులు ఎదురైతే విచారించే కమిటీ అది. పదవి ఇచ్చినప్పుడు అందరూ అభినందించారు. ఎందుకో నాకిప్పటికీ అర్థం కాదు. కమిటీలో నలుగురం. నాతోపాటు మా ఆఫీసులోనే పనిచేసే ఒక ఆయన, ఒక ఆవిడ, చట్టం ప్రకారం బయటినుంచి ఒక సభ్యురాలు. ఆమె ఏళ్ళ తరబడి ఆడవాళ్ళ సంఘంలో పనిచేసిన బెంగాలీ మనిషి. అందరం దీదీ అనేవాళ్ళం. ఇందులో ఎవరి ఆనవాళ్ళూ ఉన్నవి ఉన్నట్టు రాయలేదు. రాయకూడదు కూడా. పట్టుకుందామని చూసేవాళ్ళకి ముందే చెబుతున్నాను, శ్రమ దండగ.

ఫిర్యాదు రేవు వైపున్న ఒక శాఖలోని క్యాషియర్ నుంచి వచ్చింది. ఖిదిర్‌పూర్‌లో పుట్టి పెరిగిన తెలుగమ్మాయి. తాతల కాలంలో శ్రీకాకుళం వైపునుంచి ఓడరేవులో పనికి వచ్చిన కుటుంబం. రెండో తాళంచెవి పెట్టుకున్న ఆఫీసర్ మీద ఆమె రాసింది. స్ట్రాంగ్‌రూమ్‌లో ఆయన చేతులు ఎక్కడ వేసేవాడో, ఏమనేవాడో, ఎన్నాళ్ళుగానో సూటిగా రాసింది. శాఖలో అందరూ దాదా, అంటే అన్నయ్య, అని పిలుచుకునే మనిషి ఆయన. దుర్గాపూజకి చందాలు వసూలు చేసేదీ ఆయనే, ఎవరింట్లో జబ్బు చేసినా ఆస్పత్రికి పరిగెత్తేదీ ఆయనే.

మొదటిరోజు ఆ అమ్మాయికి పద్ధతంతా చెప్పాను. ఫిర్యాదు నకలు ఆయనకి వెళుతుంది, ఆయన జవాబిస్తాడు, ఇద్దరినీ విడివిడిగా వింటాం, ఒకరు చెప్పింది రెండోవారికి రాతలో ఇస్తాం, ప్రశ్నలుంటే మా ద్వారానే అడగాలి. తేలేవరకూ ఆఫీసులో ఎవరితోనూ ఈ మాట ఎత్తకూడదు. ఇంట్లోవాళ్ళకి చెప్పుకుంటే తప్పులేదు, ఇలాంటప్పుడు పక్కన ఒక మనిషి ఉండటం మంచిది అన్నాను.

"ఇంట్లో సెప్తే రేపటి నుంచి ఉజ్జోగం మాన్పించేత్తారండీ," అంది. "నా జీతమ్మీదే ఇల్లు నడస్తాది. నెగ్గినా ఓడినా ఇంట్లో తెలీకూడదు. అలాగే ఉండనివ్వండి."

ఆమెకి కావలసింది రెండే. ఆ గదిలోకి మళ్ళీ ఆయనతో వెళ్ళకూడదు, ఉద్యోగం పోకూడదు. విచారణ జరిగినన్నాళ్ళూ తనని వేరే శాఖకి మార్చమని రాసిచ్చింది. ఆయన తాళంచెవినే వేరేవాళ్ళకి ఇప్పించవచ్చు, నువ్వు కదలక్కర్లేదు అని దీదీ చెప్పి చూసింది. ఆ అమ్మాయి ఒప్పుకోలేదు. మేము సిఫారసు చేశాం, బ్యాంకు మార్చింది. ఉత్తర్వులో కారణం రాయలేదు. గుట్టు బాగానే కాపాడామనుకుని తృప్తిపడ్డాను.

వాంగ్మూలం ఇవ్వడానికి వచ్చినప్పుడు నన్ను చూసి తెలుగులో మొదలుపెట్టింది. ఆ గదిలో తెలుగు తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. "బెంగాలీలో చెప్పమ్మా," అన్నాను, "మేం నలుగురం ఒకేలా వినాలి." ఒక్క క్షణం నా మొహంలోకి చూసి బెంగాలీలోకి మారిపోయింది. పుట్టిన ఊరి భాష, ఇబ్బందేమీ లేదు. కానీ ఆ చూపు నాకు తెలుసు. సొంత మనిషని తలుపు తడితే ఎవరు మీరు అని అడిగినప్పుడు చూసే చూపు. నేను చేసింది సరైన పనే. మనవాళ్ళ పిల్ల అని మనసు లాగుతోంది కాబట్టే ఇంకా సరైనది. బాధ మాత్రం తక్కువేం కాలేదు.

తర్వాత ఆయన వంతు. ఆయన వచ్చి కూర్చున్నప్పుడు చేతులు వణుకుతున్నాయి. మా కమిటీలోని ఆవిడ నా చెవిలో, తప్పు చేయకపోతే వణకడమెందుకు అంది. నాకు ఒళ్ళు మండింది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నాడని మనకొక సామెతుంది. కానీ అలాంటి నోటీసు చేతికొస్తే దొంగ కానివాడు కూడా తడుముకుంటాడు. వణుకుని కాగితం మీద పెట్టలేదు. చెప్పింది చెప్పినట్టు రాశాం, చదివి వినిపించాం, ఆయన సంతకం పెట్టాడు.

అన్నీ కాదన్నాడు. నగదు తేడా వచ్చినప్పుడు మందలించానని, ఆ కక్షతో రాసిందని అన్నాడు. ఆ తర్వాత ఒక ఫోటో తీసి బల్లమీద పెట్టాడు.

మా బ్యాంకులో ఎవరు బదిలీ మీద వెళ్ళినా శాఖ అంతా చేరి వీడ్కోలు చెప్పడం ఆనవాయితీ. మిఠాయిలు, శింగాడాలనే సమోసాలు, శాలువా, పూలగుత్తి, ఒక ప్రసంగం. ఉత్తర్వు ఎంత రహస్యంగా రాసినా బదిలీ అయితే బదిలీయే కదా. ఆ అమ్మాయికీ చేశారు. గుట్టు కాపాడామనుకున్న మాకెవరికీ ఈ సంగతి తట్టలేదు. నా ఉద్యోగంలో అప్పటికే ఎన్ని శాలువాలు కప్పించుకున్నానో, అయినా తట్టలేదు. శాఖలో ప్రసంగాలు చేసేది ఎప్పుడూ దాదాయే. ఆరోజూ ఆయనే చేశాడు. ఫోటోలో ఆయన రజనీగంధ గుత్తి అందిస్తున్నాడు, ఆ అమ్మాయి రెండు చేతులతో అందుకుంటోంది. నవ్వుతోంది. మొక్కుబడి నవ్వు కాదు, పళ్ళు కనిపించేంత నిండైన నవ్వు.

"నేను అలాంటివాణ్ణయితే నా చేతి పూలు తీసుకుని ఇలా నవ్వుతుందా?" అన్నాడు.

అబద్ధమెందుకు, నాకూ అనుమానం వచ్చింది. మా కమిటీలోని ఆయన కలం కింద పెట్టేశాడు.

దీదీ ఒక్కటే అడిగింది. "ఈ ఫోటో తీసేటప్పటికి ఫిర్యాదు నకలు మీ చేతికి వచ్చిందా?"

"వచ్చింది."

"అయినా ప్రసంగం చేశారు."

"చేయకపోతే అందరూ ఎందుకని అడగరా? ఎవరికీ తెలియనివ్వొద్దని మీ నోటీసులోనే ఉంది."

ఆ జవాబు కూడా రాసుకున్నాం. అది అబద్ధమని నేననలేను.

ఫోటో నకలు ఆ అమ్మాయికి ఇవ్వాలి, ఆమె ఏమంటుందో వినాలి. నియమం అది. మళ్ళీ పిలిచాం. ఫోటో ఆమె ముందు పెట్టి, దీనిమీద మీరేమైనా చెప్పదలుచుకున్నారా అని బెంగాలీలోనే అడిగాను. జవాబు మాత్రం తెలుగులో వచ్చింది, నాకేసి చూస్తూ.

"మీరే కదండీ ఎవలికీ సెప్పొద్దన్నారు. అందరూ సూస్తన్నారు. పూలు తీసుకోకపోతే ఏటైందని అడగరేటి? నవ్వకపోతే ఎందుకు నవ్వలేదని అడగరేటి? అందుకని నవ్వినాను. బాగా నవ్వినాను, ఎవలికీ అనుమానం రాకుండా."

మిగతా ముగ్గురూ నావైపు చూశారు. నేను అనువాదం చేయవచ్చు. కానీ తీర్పు చెప్పే నేనే ఆమె నోరు కూడా కాకూడదు. "అదే బెంగాలీలో చెప్పమ్మా," అన్నాను.

చెప్పింది. ఒక్కో వాక్యం, మేము రాసుకునేందుకు ఆగి ఆగి. రెండోసారి చెప్పేటప్పుడు గొంతులో ఏమీ లేదు, కొట్టులో సరుకుల పేర్లు చెప్పినట్టు చెప్పింది. చదివి సంతకం పెట్టింది. ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళి అన్నం తినలేకపోయాను. తప్పు చేశానని కాదు. ఒక్క తప్పూ చేయకుండా ఒక పిల్లని అంత నొప్పించగలనని తెలిసినందుకు.

చివరికి తేల్చింది ఆ ఫోటో కాదు, దానికి ఆ అమ్మాయి ఇచ్చిన జవాబూ కాదు. ఈ అమ్మాయికి ముందు క్యాషియర్ తాళంచెవి పెట్టుకున్న ఆవిడని సాక్షిగా పిలిచాం. తన పేరు బయటికి వస్తుందా అని అడిగింది. ఆయనకి తప్పకుండా తెలుస్తుంది, ప్రశ్నలు వేసే హక్కు ఆయనకుంది, మిగతా ఎవరికీ మేం చెప్పం అన్నాను. లేనిపోని భరోసా ఇవ్వలేదు. ఆవిడ లేచి గుమ్మం దాకా వెళ్ళింది, మళ్ళీ వచ్చి కూర్చుంది. మోకాళ్ళ నొప్పులని రాసిచ్చి తాళంచెవి వదిలించుకున్నానని, అసలు కారణం ఇదేనని చెప్పింది. ఆ అమ్మాయి రాసిన మాటలే, ఆ చేతులే. ఆ అమ్మాయి రాకముందే ఆవిడ శాఖ మారింది, ఇద్దరికీ పరిచయం లేదు. ఆయన రాతలో పంపిన ప్రశ్నలన్నిటికీ తడబడకుండా జవాబిచ్చింది. నగదు తేడా అన్నది నిజమే, కానీ అది ఈ అమ్మాయి కౌంటర్‌లో రాలేదని రికార్డులు చెప్పాయి.

మా నిర్ణయాలు ఇద్దరికీ పంపి, అభ్యంతరాలు విని, అప్పుడు నివేదిక ఇచ్చాం. ఆరోపణ రుజువైందని రాశాం. బ్యాంకు ఆయన ఇంక్రిమెంట్లు ఆపి దూరం బదిలీ చేసింది. ఆ అమ్మాయి పాత శాఖకి తిరిగి రానంది, కొత్తచోటే ఉండిపోయింది. ఆ శాఖలో ఆయనకీ వీడ్కోలు జరిగిందని తర్వాత విన్నాను. దాదా వెళ్ళిపోతున్నాడని కొందరు ఏడ్చారట. వాళ్ళకేం తెలుసు పాపం, తెలియకూడదని చూసుకున్నది మేమే.

రిటైరవ్వడానికి కాస్త ముందు ఒక ఆదివారం పొద్దున ఖిదిర్‌పూర్ బజారులో చేపలు కొంటుంటే ఆ అమ్మాయి ఎదురైంది. పక్కన వాళ్ళమ్మ. బ్యాంకు మేడమ్ అని నన్ను పరిచయం చేసింది. ఆవిడ నా చెయ్యి పట్టుకుంది.

"తెలుగోలేనా మీరు, ఎంత బాగుందమ్మా. మా పిల్ల ఇంటిపక్కనున్న బేంకీ వదిలేసి ఏ మూలకో బస్సులో పోతంది. ఎందుకమ్మా అంటే సరిగ్గా సెప్పదు. అక్కడ ఏటైంది, మీకేటైనా తెలుసా?"

"బదిలీలు మాకు మామూలేనండీ," అన్నాను.

"అదేనమ్మా, నాను కూడా అదే సెప్పినాను," అంది ఆ అమ్మాయి, తల్లి భుజం మీద చెయ్యి వేసి.

తర్వాత నావైపు తిరిగి నవ్వింది. పళ్ళు కనిపించేంత నిండుగా, ఎవరికీ అనుమానం రాకుండా.