ఆరు చెంచా ఉప్పు

ప్రెస్సులో ఆమెను అందరూ ప్రూఫులమ్మ అనే పిలిచేవారు. ఇరవై రెండేళ్లుగా అదే కుర్చీ, అదే కిటికీ పక్క బల్ల, అదే ఎర్ర పెన్ను. ఒత్తు జారినా దీర్ఘం తప్పినా ఆమె కళ్లు చటుక్కున పట్టేసేవి. పెద్ద పెద్ద రచయితలు కూడా ఆమె బల్ల ముందు నిలబడినప్పుడు బడి పిల్లల్లా చేతులు కట్టుకునేవారు.

ఎవరైనా "నాలుగుసార్లు చదివానండీ, ఒక్క తప్పూ లేదు" అంటే ఆమె నవ్వి ఊరుకునేది కాదు. మీరు చదివింది కాగితాన్ని కాదు, మీ బుర్రలో ఉన్నదాన్ని అని మొహం మీదే చెప్పేసేది. రాసినవాడికి వాక్యం ఎటు పోతుందో ముందే తెలుసు కనుక కన్ను సగం అక్షరాలు దాటేసి అర్థం దగ్గరికి పరుగెడుతుందని, మధ్యలో మాట ఎగిరిపోయినా బుర్ర దాన్ని నింపేసుకుంటుందని వివరించేది. అక్షరాల రూపు మార్చి అచ్చు తీసుకోండి, పైకి చదవండి, రెండు రోజులు పక్కన పెట్టండి అని సలహాలిచ్చి పంపేది. ఆ సలహాలు తనకే పనికొస్తాయని మాత్రం ఎన్నడూ అనుకోలేదు.

ఒకరోజు పిల్లల ఆసుపత్రి నుంచి డాక్టరుగారు వచ్చారు. చంటిపిల్లలకు విరేచనాలు పట్టుకున్నప్పుడు ఇంట్లో ఏం చేయాలో చెప్పే చిన్న పుస్తకం వేయించాలట. ఆయన రాసుకొచ్చింది చూస్తే తల్లుల మాట అటుంచి, ప్రూఫులమ్మకే కొరుకుడు పడలేదు.

"మీరే తిరగరాయండమ్మా. విషయం నాది, మాట మీది," అన్నారు డాక్టరుగారు.

ప్రెస్సు యజమాని సంబరపడిపోయాడు. మీరు రాస్తే ఇక ప్రూఫు ఖర్చు కూడా ఉండదు అని జోకు వేశాడు. ఆమెకూ లోలోపల గర్వంగానే అనిపించింది. మూడు వారాలు మధ్యాహ్నం భోజనం అవ్వగానే కూర్చుని ముప్పై రెండు పేజీలు రాసింది. కంప్యూటరు మీదే మూడుసార్లు చదివింది. కడిగిన ముత్యంలా ఉందనుకుంది. డాక్టరుగారు కూడా చదివి, సంతకం పెట్టి పంపారు.

అచ్చు ప్లేట్లు తీయడానికి ఇంకా నాలుగు రోజుల గడువుంది. ఊరికే కూర్చోవడం చేతకాక, రచయితలకు చెప్పే పాఠమే తనకూ చెప్పుకుంది. ఫాంటు మార్చింది. అక్షరం లావు చేసి, వరస వెడల్పు సగానికి తగ్గించి, కాగితం మీద తీసింది. వరసలన్నీ కొత్త చోట్ల విరిగాయి. తన పుస్తకం ఎవరో పరాయి మనిషి రాసినట్టు కనిపించింది. మొదటి పేజీలోనే "తరువాత తరువాత" అని రెండుసార్లు ఉంది. పాత అమరికలో మొదటిది వరస చివర, రెండోది కింది వరస మొదట ఉండటంతో మూడుసార్లూ కళ్లు కప్పేసింది. అలాంటివి పదకొండు దొరికాయి. చెవులు వేడెక్కాయి గానీ, ఎర్ర పెన్ను చేతిలో ఉంటే ఆమెకు భయం ఉండదు.

మర్నాడు తలుపు వేసుకుని పైకి చదివింది. ఒకచోట ఊపిరి చాలలేదు. ఆ వాక్యాన్ని రెండు చేసింది. ఇంకోచోట క్రియే లేదు, నోరు గాలిలో ఆగిపోయింది. అదీ సరిచేసింది. ఇక దీంట్లో వేలెత్తి చూపేందుకు ఏమీ లేదని తేల్చుకుంది.

అయితే ఒక సందేహం మిగిలింది. ఆసుపత్రి గడప తొక్కని మనిషికి ఇది అర్థమవుతుందా? ఇంట్లో ఆడపడుచు ఉంది. బట్టలు కుడుతుంది. చిన్నప్పుడు బడి మధ్యలో మానేసింది కనుక అక్షరం అక్షరం కూడబలుక్కుని చదువుతుంది. ఆదివారం పొద్దున ఆమె మిషను ముందు తీరిగ్గా ఉన్నప్పుడు ప్రూఫులమ్మ కాగితాలు తెచ్చి చేతిలో పెట్టింది. చదువుతూ ఉండు, ఎక్కడ అర్థం కాకపోతే అక్కడ ఆగు, అంతే అంది. తాను అసలు ప్రతి ముందు పెట్టుకుని వినసాగింది.

ఆడపడుచు వేలు పెట్టి చదువుకుంటూ పోయింది. తొమ్మిదో పేజీలో ఆగింది.

"కాచి చల్లార్చిన లీటరు నీళ్లలో ఆరు చెంచాల చక్కెర, ఆరు చెంచా ఉప్పు..." వెనక్కి వెళ్లి మళ్లీ చదివింది. "వదినా, ఆరు చెంచా ఏంటి? చెంచాలు అనాలేమో."

"అర చెంచా అమ్మా. సరిగా చూడు."

"నేను సరిగానే చూస్తున్నా. ఆ, రు. ఆరు."

ప్రూఫులమ్మ తన ముందున్న కాగితం చూసింది. అక్కడా ఆరే. అంతకుముందు రోజు ఇదే వరసను తన నోటితో "అర" అని చదివిన సంగతి స్పష్టంగా గుర్తుంది. కన్ను ఆరుని చూసినా, నోరు తెలిసినదాన్నే పలికింది. చక్కెర దగ్గర ఆరు కొట్టిన చేయి అదే ఊపులో ఉప్పు దగ్గరా ఆరు కొట్టేసింది. ఏ చంటిబిడ్డకైనా ఉప్పు ఎక్కువైతే ప్రాణం మీదికి వస్తుందని అదే తొమ్మిదో పేజీలో రాసింది కూడా తనే. ఎర్ర పెన్ను తీసి ఆ మాట చుట్టూ సున్న చుట్టింది.

ఆడపడుచు కంగారు పడి తప్పు చదివానా అని అడిగింది.

"లేదమ్మా. ఈ ఇంట్లో సరిగ్గా చదివింది నువ్వొక్కదానివే," అంది వదిన.

దాచిపెట్టుకునే మనిషి కాదు. సోమవారం తలుపులు తీయగానే యజమానికి చెప్పింది, డాక్టరుగారికి ఫోను చేసింది. ఆయన తన దగ్గర ఉంచుకున్న ప్రతి తీసి చూసుకున్నారు. ఇరవై ఏళ్లుగా రోజూ చెప్పే కొలత కదా, నా కన్ను కూడా అర అనే చదివింది అన్నారు. ఎంత బాగా తెలిస్తే అంత బాగా తప్పిపోతుందని ఇద్దరికీ ఒకేసారి బోధపడింది.

ఆమె అక్కడితో ఆగలేదు. అంకెలూ కొలతలూ ఉన్న వరసలన్నీ చివరి పేజీ నుంచి మొదటికి, ఒక్కో వరస మీద స్కేలు పెట్టుకుని, ముందువెనకల లంకె తెగిపోయేలా విడివిడిగా చూసింది. తరువాత డాక్టరుగారి చేత ఆసుపత్రి బయట వరసలో కూర్చున్న తల్లుల్లో ముగ్గురిని చదివి చూడమని అడిగించింది. బిడ్డను భుజాన వేసుకుని ఒకామె తొమ్మిదో పేజీ చదివి, "ఏ చెంచా? మా ఇంట్లో మూడు రకాలున్నాయి" అంది. ఆ ప్రశ్న డాక్టరుగారికీ, ప్రూఫులమ్మకీ, ఆడపడుచుకీ ఎవరికీ తోచలేదు. టీ చెంచా అని, పైన కుప్ప లేకుండా అంచుకు సమంగా గీయాలని చేర్చి, పక్కనే బొమ్మ కూడా వేయించింది.

యజమాని రెండు రోజులు ఆలస్యమైందని గొణిగాడు. ఆమె మాత్రం ఆ వారమే ప్రెస్సులో కొత్త కట్టడి పెట్టించింది. ఎవరు రాసినదైనా, తను రాసినదైనా సరే, దాన్ని ఇంతకు ముందు చూడని మనిషి ఒకరు పైకి చదవాల్సిందే. ఆ చదివే పనికి ఆదివారాలు ఆడపడుచును పిలిపించి, కూలి కాదు, జీతమే ఇప్పించింది.

పుస్తకం అచ్చయ్యాక నాలుగు నెలలకు రెండో ముద్రణ అవసరమైంది. ఇరవై నాలుగో పేజీలో ఒక దీర్ఘం లేదని అప్పటికే ఎవరో పాఠకురాలు ఉత్తరం రాసింది. ప్రూఫులమ్మ ఆ ఉత్తరాన్ని చదివి, దీర్ఘం పెట్టి, కృతజ్ఞతలు చెబుతూ జవాబు రాసింది. జవాబు మడిచే ముందు పక్క బల్ల దగ్గరి కంప్యూటరు ఆపరేటరుకు ఇచ్చి, ఒకసారి పైకి చదవమంది.