గురువారం పదకొండింటికి

ముందు రైలు కూత వినిపించింది. ఆ వెనకే పట్టాల మీద చక్రాల చప్పుడు దూరమై, వాన వెలిశాక చూరు నీళ్ళలా బొట్టుబొట్టుగా ఆగిపోయింది. ఎవరో గొంతు సవరించుకున్నారు. అప్పుడు వచ్చింది మాట.

"ముబీనమ్మా, గురువారం పదకొండింటికి నేను ఖాళీ అమ్మా. ఒంటిగంట దాకా కూర్చోగలను. మిగతావాళ్ళు కూడా చెప్పండయ్యా, పాపం ఆ పిల్ల ఎంతసేపని ఎదురుచూస్తది?"

వాయిస్ మెసేజ్ అయిపోగానే ముబీనా ఫోను బల్ల మీద బోర్లించింది. ఎదుటి సీట్లలో అయాజ్, జెన్నిఫర్ కూడా విన్నారు. ఎవరూ తల ఎత్తలేదు. కిటికీ పక్క సీటు ఒక్కటే ఖాళీగా ఉంది. దాని మీద మధ్యాహ్నపు ఎండ తన పాటికి తాను వచ్చి కూర్చుంది.

ఆ సీటు యేసుదాసుది. తెనాలిలో మందుల షాపు పైనున్న ఆ మేడ ఆఫీసులో అందరికన్నా పాతవాడు. అమెరికా ఆసుపత్రుల్లో డాక్టర్లు రాసిన వివరాలు చదివి, ప్రతి జబ్బుకూ దాని కోడు వేయడం అక్కడి పని. రోజూ రేపల్లె నుంచి రైల్లో వచ్చేవాడు. డిగ్రీ అయిపోయి, చున్నీ కొంగు వేళ్ళకు చుట్టుకుంటూ ఇంటర్వ్యూకి వచ్చిన ముబీనాకి ఈ పని నేర్పింది ఆయనే. ఇప్పుడు ఆమె టీమ్ మేనేజరు. వానాకాలంలో కళ్ళ ఆపరేషనుకని సెలవు పెట్టిన మనిషి, చలికాలం వచ్చినా తిరిగి రాలేదు.

ఇక ఆగలేమన్నారు హైదరాబాదు హెడ్డాఫీసు వాళ్ళు. సీటు నింపమన్నారు, ముగ్గుర్ని ఎంపిక చేసి పంపారు. ఒక్కో ఇంటర్వ్యూకి టీములో ఇద్దరు కూర్చోవాలి. పొద్దున ముబీనా గ్రూపులో రాసింది: "కొత్త కోడర్ పోస్టుకి బుధ, గురు, శుక్రవారాల్లో ఇంటర్వ్యూలు. ఒక్కోటి ముప్పావుగంట. ఎవరెవరు ఎప్పుడు ఖాళీగా ఉంటారో సాయంత్రంలోగా చెప్పండి. దాన్నిబట్టి వాళ్ళకి టైము ఇస్తాను."

పంపాక గానీ గుర్తు రాలేదు, ఆ గ్రూపులో ఆయన కూడా ఉన్నాడని. సెలవులో ఉన్నవాణ్ణి గ్రూపులోంచి తీయడానికి ఎవరికీ చేతులు రాలేదు. తీసేస్తే తీసినట్టు కనిపిస్తుంది. మెసేజ్ చెరిపేస్తే చెరిపినట్టూ కనిపిస్తుంది. అలాగే వదిలేసింది. అయాజ్, జెన్నిఫర్ చూసి కూడా జవాబివ్వలేదు. ఇస్తే, సీటు ఖాళీ అయిందని తామే ఒప్పుకున్నట్టు.

"మేడం, ఆయన సీటు నింపడానికి ఆయన్నే అడిగామా మనం?" అన్నాడు అయాజ్ చివరికి.

"నేను అడిగాను, నువ్వు కాదులే. గురువారం పదకొండింటికి రాసుకో నువ్వు కూడా."

"ఆయన పక్కన కూర్చోడానికైతే రాస్తా."

రాశాడు. కాసేపటికి జెన్నిఫర్ కూడా మిగతా రెండు రోజులకూ రాసింది. ఆమె పక్కన రెండో మనిషిగా ముబీనా తన పేరే వేసుకుంది. వారమంతా నిండిపోయింది.

హెడ్డాఫీసులో నియామకాలు చూసే నగ్మాకి ఫోన్ చేసింది. యేసుదాసుకి కొత్తవాళ్ళకి శిక్షణ ఇచ్చే పనైనా ఇవ్వలేమా అని అడిగితే, తెనాలిలో అలాంటి పోస్టే లేదంది. మెడికల్ లీవులో ఉన్నవాళ్ళు ఇంటర్వ్యూకి కూర్చోకూడదని కూడా చెప్పింది. తర్వాత గొంతు తగ్గించి అంది: "ఒక్కటి చేయొచ్చు. ఫలానా తేదీకి డ్యూటీలో చేరతాడని డాక్టరు రాసిస్తే, ఈ ఇంటర్వ్యూలు ఆపిస్తాను. బుధవారం పిల్లాణ్ణి కూడా ఆపేస్తా. రేపు చెప్పు."

ఆ ఒక్క తేదీ కోసం ముబీనా సాయంత్రం రేపల్లె రైలెక్కింది. వేమూరు దాటాక కోసిన వరి మడుల మీద పొగమంచు పాలమీగడలా పరుచుకుంటోంది. కిటికీ అద్దంలో తన ముఖం తనకే ఎవరో ఉద్యోగం అడగడానికి వచ్చిన పిల్ల ముఖంలా కనిపించింది.

రైలుకట్ట పక్క వీధిలో ఇల్లు. తలుపు తీసింది యేసుదాసు భార్య కృపమ్మ. "రామ్మా, రా. పొద్దుటి నుంచి మీ ఫోన్ల గొడవే. ఆ ఫోను చదువుతుంటే వినడం, మళ్ళీ చదివించుకోడం."

"ఫోను చదవడమేంటక్కా?"

కృపమ్మ పక్కకి తప్పుకుంది.

ఆయన మంచం మీద కూర్చుని ఉన్నాడు. ఉతికిన చొక్కా, దువ్విన తల. "ముబీనమ్మేగా? చెప్పులు గుమ్మంలో విడిచేటప్పుడు రెండోది ఎప్పుడూ దూరంగా పడేస్తావు" అని నవ్వాడు. లేచి కుండ దగ్గరికి వెళ్ళి గ్లాసు తీసుకున్నాడు. అంచుకి లోపల చూపుడువేలు ఆనించి నీళ్ళు పోశాడు. వేలు తడిసిన చోట ఆపాడు. గ్లాసు ఆమె వైపు కాక, ఆమె గొంతు వినిపించిన వైపు చాపాడు.

ముబీనా అందుకుంది. అడగాల్సింది అడిగింది, అడగకపోతే రైలెక్కి వచ్చినదంతా వృథా అవుతుందన్నట్టు. "సార్, డాక్టరు ఏదైనా తేదీ చెప్పాడా? చేరే తేదీ. కాగితం మీద ఇస్తే చాలు, అన్నీ ఆపిస్తానంది నగ్మా."

కృపమ్మ గుమ్మం దగ్గరే నిలబడింది, ఆయన ఏం చెబుతాడో తనకీ తెలియనట్టు.

ఆయన గోడ వైపు ముఖం పెట్టాడు. "అడిగితే ఇస్తాడమ్మా, మంచోడు. వచ్చే నెలని రాయించుకోవచ్చు. కానీ ఈ షుగరు కంటి జబ్బుకి నేను ఎన్నిసార్లు కోడు వేశానో లెక్కలేదు. ఎవరిదో కన్ను అనుకుంటూ వేశాను. చివరి అంకె గుర్తుందా నీకు? నేనే నేర్పా."

"ఒకటైతే కుడికన్ను. రెండైతే ఎడమ."

"నాది మూడమ్మా."

రెండు కళ్ళూ అని ఆ అంకెకి అర్థం. ముబీనా గ్లాసు కింద పెట్టింది. గుమ్మంలో కృపమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. బయట ఎవరో సైకిలు గంట కొట్టుకుంటూ పోయారు, లోకమంతా బాగానే ఉన్నట్టు.

ముబీనా అంది: "సార్, గురువారం మిమ్మల్ని కూర్చోబెట్టడానికి..."

"కుదరదు. లీవులో ఉన్నోణ్ణి కూర్చోబెట్టరని నాకు తెలీదా?"

"మరెందుకండి, ఖాళీ అని చెప్పారు?"

"నేను చెప్పకపోతే అయాజుగాడు చెబుతాడా? జెన్నిఫర్ చెబుతదా? మూతులు బిగించుకుని కూర్చుంటారు. నీకేమో పైనుంచి తిట్లు." మంచం అంచు తడిమి మళ్ళీ కూర్చున్నాడు. "అది కూడా కాదులే. ఇంకొక్కసారి చెప్పాలనిపించింది, పదకొండింటికి నాకు పని ఉందని."

కృపమ్మ వచ్చి పక్కన కూర్చుంది. ఆయన చేతిని తీసి తన ఒళ్ళో పెట్టుకుంది, ఇంకా ఉడకని బియ్యాన్ని మూత పెట్టి ఉంచినట్టు, ఓపికగా.

తెనాలి రైలు వేళయింది. ముబీనా లేచింది. రేపు నగ్మాకి ఏం చెప్పాలో ఇప్పుడు తెలుసు. చెప్పులు వెతుక్కుంది, రెండోది నిజంగానే దూరంగా పడి ఉంది. సెలవు తీసుకుంటుంటే యేసుదాసు గుమ్మం దాకా వచ్చాడు, గోడను వేళ్ళతో తడుముకుంటూ.

"గురువారం వచ్చేవాళ్ళది ఏ ఊరమ్మా?"

"బాపట్ల పిల్ల అంట సార్."

ఆయన తల ఊపాడు. చీకటి పడుతున్న వీధి వైపు, చూస్తున్నట్టే ముఖం తిప్పాడు.

"పొద్దున్నే బయల్దేరి ఉంటది, ఏమీ తిని ఉండదు. నువ్వొచ్చిన రోజున నీ చేతులు ఎంత వణికాయో! ప్రశ్నలు తర్వాత, ముందు మంచినీళ్ళివ్వమ్మా."