తప్పు గడిలో పడ్డ రైలు వేళ

జయకుమారి ఊళ్లో ముప్పయ్యేళ్లు టీచరుగా చేసింది. రిటైరయ్యాక చర్చి ఆఫీసులో కంప్యూటరు ముందు కూర్చుని, ఎవరికి ఏ కాగితం కావాలన్నా చేసిపెట్టేది. గుంటూరు మిర్చి యార్డుకు కూలికి పోయేవాళ్లు, ఆసుపత్రికి పోయేవాళ్లు ఆవిడ చర్చి గోడకు అంటించిన రైలు పట్టిక చూసుకునే బయల్దేరేవాళ్లు.

సోమవారం నుంచి పొద్దుటి ప్యాసింజరు వేళలు మారుతున్నాయని శనివారం ఆవిడ ఫోనుకు మెసేజి వచ్చింది. దాన్ని కంప్యూటర్లో పేస్టు చేస్తే పైన స్టేషన్ల పేర్లన్నీ, కింద వేళలన్నీ కుప్పగా పడ్డాయి. స్టేషను, వచ్చే వేళ, బయల్దేరే వేళ అని మూడు నిలువు వరసలు గీసి, ఒక్కో పేరు పక్కన రెండేసి వేళలు నింపుకుంటూ పోయింది. చివర గుంటూరు పక్కన వేయడానికి ఏమీ మిగల్లేదు. మెసేజిలో ఇవ్వలేదేమో అనుకుంది. సాయంత్రం ప్రార్థనకు ఆలస్యమవుతోంది. ప్రింటు తీసి అంటించేసింది.

మంగళవారం మధ్యాహ్నం, యార్డుకు కూలికి పోయే కోటిరత్నం వాళ్లమ్మను మట్టి చేశారు. సమాధుల దొడ్డి బయట కోటిరత్నం జయకుమారి చెయ్యి పట్టుకుంది.

"నిన్న పొద్దున అమ్మకు బాలేదని గుంటూరు ఆసుపత్రి నుంచి ఫోనొచ్చింది టీచరమ్మా. ఆరుంబావుకల్లా స్టేషన్లో ఉన్నా. బండి ఆరూ పన్నెండుకే పోయిందంట. నీ కాగితంలో ఆరూ ఇరవై రెండని ఉంది. బస్సులో పోయేసరికి అమ్మ లేదు. అరగంట ముందు దాకా నన్నే అడిగిందంట."

జయకుమారి తిన్నగా ఆఫీసుకు వెళ్లి ఆ మెసేజి తెరిచింది. బండి మొదలయ్యే స్టేషనుకు వచ్చే వేళ ఉండదు, బయల్దేరే వేళొక్కటే. అక్కడ తను రెండు నింపింది. రెండోది తర్వాతి స్టేషనుకు బండి వచ్చే వేళ. అక్కణ్ణుంచి అన్నీ ఒక్కో గడి పక్కకు జరిగిపోయాయి. తమ ఊళ్లో బండి వచ్చేది ఆరూ పదకొండుకి, కదిలేది ఆరూ పన్నెండుకి. పట్టికలో మాత్రం పన్నెండుకి వచ్చి, పక్క ఊరు చేరాల్సిన ఇరవై రెండుకి కదులుతోంది. నిమిషం ఆగే బండి ప్రతి స్టేషన్లోనూ పదేసి నిమిషాలు ఆగుతున్నట్టుంది. ఏళ్ల తరబడి తను ఎక్కిన బండే అది. కళ్లెదుట ఉన్నా చూడలేదు.

గోడ మీది కాగితం చించేసి కోటిరత్నం ఇంటికి నడిచింది.

"తప్పు నాదే కోటిరత్నం. అంకెలు తప్పు గడుల్లో వేశాను."

"నాకు చదువు రాదు టీచరమ్మా. అంకెలొక్కటే వచ్చు. అవీ నువ్వు నేర్పినవే," అంది కోటిరత్నం. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేదనిపించింది జయకుమారికి. గడప దగ్గరే కూలబడి ఏడ్చింది.

మర్నాడు పట్టిక మళ్లీ చేసింది. మొదటి స్టేషను వచ్చే వేళ దగ్గరా, గుంటూరు బయల్దేరే వేళ దగ్గరా గీతలు పెట్టింది. స్టేషన్లో టికెట్లిచ్చే రంజాన్ చేత ఒక్కో వరసా చదివించుకుని, సరిపోయాకే అంటించింది.

కోటిరత్నం ఇప్పటికీ యార్డుకు పోతోంది. దారిలో పలకరిస్తే పలుకుతుంది. చర్చి గోడ వైపు మాత్రం చూడదు. తెల్లారగట్ల అయిదున్నరకే వెళ్లి, ప్లాట్‌ఫారం మీద ఒక్కతే కూర్చుంటుంది.