టిఫిన్ కొట్లో రోజుకి పది ఐడియాలు

రంగత్ అనే దీవి ఊళ్లో బస్టాండు ఎదురుగా మా వదినా నేనూ కలిసి ఒక టిఫిన్ కొట్టు నడుపుతాం. అన్నయ్య దీవుల మధ్య తిరిగే షిప్పులో పనిచేస్తాడు, నెలలో సగం రోజులు నీళ్ల మీదే ఉంటాడు. కాబట్టి కొట్టుకి యజమానులం మేమిద్దరమే. వదిన పొయ్యి దగ్గర, నేను బల్లల దగ్గర. ఆమెది మాయాబందర్‌లో చేపలు పట్టే కుటుంబం. తాతలు శ్రీకాకుళం తీరం నుంచి వచ్చినవాళ్లు. దీవిలో పుట్టి పెరిగినా ఆమె నోట్లో ఆ యాస అలాగే ఉంది, దాని మధ్య మధ్య హిందీ.

పోయినేడాది మాకు కొంచెం దూరంలో కుర్చీలూ, ఫ్యాన్లూ, మెరిసే బోర్డూ ఉన్న పెద్ద హోటల్ ఒకటి తెరిచారు. వారం తిరక్కుండానే మా బల్లలు ఖాళీ అయ్యాయి. వదిన దోసె పిండి కొంచెం కొంచెంగా తగ్గించి రుబ్బడం మొదలుపెట్టింది. అది చూసినప్పుడల్లా నాకు బాధేసేది.

ఆ రోజుల్లోనే చిన్న వ్యాపారాలు చేసుకునే ఆడవాళ్లకి మూడు రోజుల ట్రైనింగ్ పెట్టారు. నేర్పడానికి పోర్ట్ బ్లెయర్ నుంచి ఒక దీదీ వచ్చింది. మొదటి రోజే అందరికీ తలా ఒక నోట్‌బుక్ ఇచ్చి, రోజూ పది కొత్త ఐడియాలు రాయమంది. "అచ్ఛా హో యా బురా, లిఖ్‌నా హై" అని బల్ల మీద చరిచి మరీ చెప్పింది. మంచిదా చెడ్డదా అని ఆగి ఆలోచించకూడదు. రాసింది కొట్టేయకూడదు. పైన తేదీ వేయాలి. నెల నిండేదాకా వెనక్కి తిప్పి చదవకూడదు. మొదటి నాలుగైదూ అందరికీ తెలిసినవే వస్తాయట, ఆ తర్వాత బుర్ర గోక్కోవాల్సి వస్తుందట. ఆ గోక్కోవడం కోసమే పది అని ఆవిడ చెప్పింది.

ఇంటికి వస్తుంటే వదిన అంది, "పది ఐడియాలేటే? నాకు జీవితం మొత్తం మీద రెండే వొచ్చినాయి. కొట్టు పెట్టడం ఒకటి, నిన్ను తోడు పిలవడం ఒకటి."

అయినా మర్నాటి నుంచి ఇద్దరం మొదలుపెట్టాం. పొద్దుటి టిఫిన్ రద్దీ అయిపోయాక, గిన్నెలు కడగడానికి ముందు, ఎదురెదురుగా కూర్చుని రాసేవాళ్లం. నేను తెలుగులో రాసేదాన్ని. వదిన చదివింది హిందీ బడిలో, తెలుగు అక్షరాలు చదవగలదు గానీ రాయడం కష్టం. అందుకని తెలుగు మాటల్నే హిందీ అక్షరాల్లో రాసేది. ఆ రాత ఆమె తప్ప ఎవరూ సులువుగా చదవలేరు.

మొదటి వారం నాకు చాలా హుషారుగా ఉండేది. కాఫీ మెషీన్, గోడల నిండా రంగుల బొమ్మలు, ఫోన్‌లో మా కొట్టుకో పేజీ, పైన రెండు గదులు కట్టి టూరిస్టులకి అద్దెకివ్వడం. గబగబా పది రాసేసి వదిన వైపు చూసేదాన్ని. ఆమె నాలుగో నంబరు దగ్గర పెన్ను నోట్లో పెట్టుకుని బస్టాండు వైపు చూస్తూ ఉండేది.

"అయిందా వదినా?"

"ఉండే, ఇంకా ఆరున్నాయి."

ఒకరోజు ఆపుకోలేక ఆమె నోట్‌బుక్‌లోకి తొంగి చూశాను. 'నిమ్మకాయ చెక్క కిటికీలోంచి అందించాలి' అని ఉంది. నాకు నవ్వొచ్చింది. నా కాఫీ మెషీన్ ముందు అదొక ఐడియానా అనిపించింది.

రెండో వారానికి నా హుషారు అయిపోయింది. ఆరో నంబరు దాటాక ఏమీ తోచేది కాదు. ఇప్పుడు ఒప్పుకోవాలి, నేను దొంగతనం మొదలుపెట్టాను. ముందురోజు రాసినవే మాటలు మార్చి మళ్లీ రాసేదాన్ని. 'రంగుల బొమ్మలు' అన్నది 'గోడ మీద సముద్రం బొమ్మ' అయ్యేది, మరో రెండు రోజులకి 'తాబేలు బొమ్మ' అయ్యేది. ఎలాగైనా పది అంకె పూర్తయితే చాలనిపించేది. వదినకి మధ్యలో మూడు రోజులు జ్వరం వచ్చింది. లేచాక, "ఆ మూడు రోజులవీ కలిపి రాసెయ్ వదినా" అన్నాను. "ఆ రోజుల్లో నాకేటీ తోచలేదు కదే, ఎలా రాత్తాను?" అని ఆ పేజీలు ఖాళీగానే వదిలేసింది.

నెల నిండాక ఒక ఆదివారం మధ్యాహ్నం కొట్టు మూసి, రెండు బల్లలు దగ్గరికి లాగి నోట్‌బుక్కులు పరిచాం. ఎలా చూసుకోవాలో దీదీ ట్రైనింగ్ చివరి రోజున చెప్పింది. ముందు పెన్ను పట్టుకోకుండా మొదటి నుంచి చివరిదాకా ఒకసారి చదవాలి. తర్వాత ఒకే రకానివి ఒక చోట చేర్చాలి. ఏది ఎన్నిసార్లు వచ్చిందో చూడాలి, ఎందుకంటే మనకి తెలియకుండానే మళ్లీ మళ్లీ వచ్చేదాంట్లో ఏదో ఉంటుంది. ఒక్కో గుంపునీ మూడు ప్రశ్నలడగాలి. ఇది ఎవరికి కావాలి? మన దగ్గరున్నవాటితో అవుతుందా? వారం రోజుల్లో చిన్నగా చేసి చూడొచ్చా? మూడుకి మించి ఎంచుకోకూడదు. వాటిలోనూ ముందు ఒక్కటే చేసి చూడాలి. మిగతావి పారేయకుండా వెనక పేజీలోకి ఎక్కించి, వచ్చే నెల మళ్లీ చూడాలి.

నావి మూడు వందలు, వదినవి రెండు వందల డెబ్భై. నావి నేను చదువుతుంటే వదిన శ్రద్ధగా విని, "బొమ్మలు పదకొండుసార్లొచ్చినాయే! అయితే అందులో ఏదో ఉన్నట్టే" అంది. ఆమె నిజంగా సంతోషపడుతోంది. గోడకి ఏ రంగు బాగుంటుందో కూడా ఆలోచిస్తోంది. నేను ఆ ముఖం చూసి ఉండబట్టలేకపోయాను.

"అవి వచ్చినవి కావు వదినా. తోచక, అంకె నింపడానికి తిప్పి తిప్పి రాశాను."

వదిన పగలబడి నవ్వింది. "బళ్లో కూడా ఇలాగే సేసేదానివా?" అని నా తల మీద చిన్న మొట్టికాయ వేసింది. బొమ్మలన్నీ కలిపి ఒక్కటిగా లెక్కేశాం. నా వాటిలో చాలావరకు రెండో ప్రశ్న దగ్గరే ఆగిపోయాయి, మా దగ్గర లేనివే కావాలి అన్నిటికీ. నీళ్ల కుండ గుమ్మం దగ్గర పెట్టడం, ఎత్తుబల్ల కాళ్లు కోయించడం లాంటివి నాలుగైదు మాత్రం మిగిలాయి.

తర్వాత వదిన తనవి చదివింది. సగం దాకా విన్నాక నేను పెన్ను తీసుకుని పక్కన గీతలు పెట్టడం మొదలుపెట్టాను. 'నిమ్మకాయ చెక్క.' 'నూనె లేని టిఫిన్.' 'అల్లం ముక్క, ఉప్పు.' 'బస్సు దిగినోళ్లకి కూచోడానికి నీడలో బెంచీ.' 'వాంతి వొచ్చినోళ్లు ఏటి తింటారు?' తేదీలు వేరు, మాటలు వేరు, కానీ పదిహేడు చోట్ల మనుషులు వాళ్లే. మాయాబందర్ వైపు నుంచి పోర్ట్ బ్లెయర్ వెళ్లే బస్సు మా ఎదుట కాసేపు ఆగుతుంది. మలుపులకి కళ్లు తిరిగి, పాలిపోయిన ముఖాలతో కొందరు దిగుతారు. వాళ్లకి పూరీ వాసనే పడదు. పెద్ద హోటల్లోకీ వెళ్లరు, మా దగ్గరికీ రారు. నేను ఎప్పుడూ లోపల బల్లల దగ్గర ఉండేదాన్ని కాబట్టి వాళ్లని గమనించనేలేదు. వదిన పొయ్యి రోడ్డు వైపు ఉంది. నాలుగో నంబరు దగ్గర ఆగిపోయి ఆమె చూసింది వాళ్లనే.

"పదిహేడుసార్లు రాశావు వదినా."

"అవునేటి?" ఆమె నిజంగా ఆశ్చర్యపోయింది. "నాకు తెల్దే. రోజూ కొత్తదే రాత్తన్నాననుకున్నాను."

మూడు ప్రశ్నలూ అడిగాం. మూడింటికీ జవాబు దొరికింది. వారం రోజులు, రోజుకి పది పొట్లాలు చేసి చూద్దామనుకున్నాం. నూనె లేకుండా వేయించిన అటుకులు, ఉప్పు రాసిన నిమ్మచెక్క, సన్నగా తరిగిన అల్లం.

మొదటి రెండు రోజులు ఒక్కటీ అమ్ముడుపోలేదు. డ్రైవరు ఒక పొట్లం ఎత్తి చూసి, "యే క్యా హై?" అని మళ్లీ పెట్టేశాడు. నేను అట్టముక్క మీద ఇంగ్లీషులో అందమైన పేరొకటి రాసి పెట్టాను. దాన్నీ ఎవరూ పట్టించుకోలేదు. మూడో రోజు వదిన అట్టముక్క పక్కన పడేసి, పళ్లెం చేత్తో పట్టుకుని బస్సు దగ్గరికి నడిచింది. కిటికీకి తల ఆనించి కూర్చున్న ఒకావిడని చూసి, "దీదీ, చక్కర్ ఆ రహా హై క్యా? కళ్లు తిరుగుతున్నాయా? ముందు ఇది వాసన సూడండి" అని నిమ్మచెక్క చేతిలో పెట్టింది. ఆవిడ వాసన చూసి, కాస్త నాకి, పొట్లం తీసుకుంది. వెనక సీటాయన తనకీ ఒకటి అడిగాడు. నాలుగు పోయాయి. వారం ఆఖరికి పదీ పోయాయి.

అదేమీ మందు కాదు. తమకి అదేం పనిచేయలేదని కూడా కొందరు చెప్పారు. కానీ కొందరు తిరుగు ప్రయాణంలో ఆగి మా దగ్గరే తినడం మొదలుపెట్టారు. పెద్ద హోటల్ దాని పని అది చేసుకుంటోంది, మా బల్లలూ మునుపటికంటే నిండుతున్నాయి. వదిన ఇప్పుడు పిండి మునుపటంత రుబ్బుతోంది.

ఆ ఆదివారం గురించి ఇంకొకటి చెప్పాలి. గుంపులు చేసేటప్పుడు వదిన నోట్‌బుక్‌లో కొన్ని చదవకుండా దాటేసింది. "అయ్యేటి?" అని ఆమె యాసలోనే అడిగాను. "అయ్యి కొట్టుయి కాదులే" అని పేజీ తిప్పబోయింది. లాక్కుని, హిందీ అక్షరాలు కూడబలుక్కుంటూ చదివాను. 'మరదలికి మధ్యాహ్నం ఒక గంట సెలవు.' నాలుగు పేజీల తర్వాత, 'మరదలు ఆపేసిన బి.ఏ. మళ్లీ కట్టించాలి.' ఇంకో చోట, 'మధ్యాహ్నం బల్లలు నాను సూసుకుంటాను, అది సదువుకుంటాది.' ఆరు దొరికాయి. అన్నీ వేరు వేరు తేదీల్లో.

నా వాటిలో వదిన కోసం రాసింది ఒక్కటీ లేదు. నేను తలెత్తలేకపోయాను.

"ఏడుత్తున్నావేటే?" అంది వదిన కంగారుగా. "ఇది కూడా ఆ మూడు ప్రశ్నలూ అడగొచ్చు కదా. ఎవరికి కావాలి? నీకు. అవుతాదా? అవుతాది. వారం సేసి సూద్దాం."

చేసి చూశాం. మొదటి వారం ఆ గంటలో ఏం చేయాలో తెలియక పడుకుని నిద్రపోయాను. రెండో వారం పాత పుస్తకాలు దులిపాను. ఇప్పుడు ఫీజు కట్టాను, పరీక్షలు రాయబోతున్నాను. మధ్యాహ్నం రెండు కాగానే వదిన నా చేతిలోంచి పళ్లెం లాక్కుని వెనక గదిలోకి పొమ్మంటుంది. ఎవరైనా నన్ను కేకేస్తే, "భయ్యా, దాన్ని పిలవకండి, సదువుకుంటాంది" అని బజారంతా వినపడేలా చెబుతుంది. గోడ అవతల కూర్చుని సిగ్గుపడుతూ పేజీ తిప్పుతాను.